అరవై ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు

పోటీకి ముందురోజు సాయంత్రం నేనొక తెల్లకాగితం మీద ఒక సమయం రాసి, కింద సంతకం పెట్టి, పోటీల పెద్దాయన చేతికిచ్చాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే ఇచ్చాను. నేను తయారుచేసిన అమ్మాయి నలభై కిలోమీటర్లు అరవై ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో తొక్కుతుంది, కావాలంటే రేపు చూసుకోండి అన్నాను. ఆయన నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంత గర్వం ఆ రోజు నాకెందుకు పట్టిందో ఇప్పటికీ తలచుకుని సిగ్గుపడుతుంటాను.

నేను ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నలభై ఐదేళ్లకు షుగరొచ్చింది. డాక్టరు రోజూ గంటసేపు చెమట పట్టాలన్నాడు. నడవడం విసుగు నాకు. అందుకని పాత బస్టాండు దగ్గర సైకిలు షాపు నడిపే భాయ్ దగ్గర ఒక గేర్ల సైకిలు కొన్నాను. భాయ్ తమ్ముడు కువైట్లో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి కొడుకు పందెం సైకిలు మీద మోజు తీరి విప్పేసిన సామాను ఒక సంచిలో కట్టి తమ్ముడికి ఇచ్చేశాడట. ఆ సంచి సెలవులకు ప్రొద్దుటూరు వచ్చింది. అందులో పెడల్ తగిలించే క్రాంకు ఒకటి ఉంది, దాని లోపలి వైపు చిన్న డబ్బీ అంటించి ఉంది.

"ఇదేందో చూడండి సార్, దీంట్లో బ్యాటరీ ఉండాది. సైకిలుకు బ్యాటరీ ఎందుకు?" అన్నాడు భాయ్.

అది పవర్ మీటరు. కాలు తొక్కే బలానికి క్రాంకు వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపును కొలిచి, నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతున్నామో దానితో కలిపి, ఎన్ని వాట్ల శక్తి పెడుతున్నామో హ్యాండిల్ మీది చిన్న తెర మీద చూపిస్తుంది. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద పవర్ అంటే పని బై కాలం అని రాస్తూ వచ్చిన నాకు, ఆ వాట్లు నా కాళ్లలోంచే రావడం చూస్తే పిల్లాడిలా సంబరమేసింది. నావి నూట ఇరవై. పదినిమిషాలకు నూటికి పడిపోయేవి.

అది ఆ అమ్మాయి సైకిలుకు చేరింది నావల్ల కాదు, భాయ్ వల్ల. సింహాద్రిపురం దగ్గర ఒక పల్లె ఆమెది. గొర్లు కాసుకునే ఇల్లు. బడికి రానూపోనూ పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కి తొక్కి కాళ్లు గట్టిపడ్డాయి. ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. కాలేజీల పోటీలో మామూలు సైకిలు మీద అందరికంటే ముందొచ్చిందని విని, భాయ్ తనే ఒక పాత ఫ్రేము సంపాదించి, చక్రాలు బిగించి ఆమెకు ఇచ్చాడు. అతనికి కూతుళ్లు లేరు. ఆ సైకిలుకే ఈ క్రాంకు తగిలించి ఒక ఆదివారం నన్ను పిలిచాడు.

ఆమె ఇరవై నిమిషాలు తొక్కి వచ్చి ఆగింది. తెర మీద నూట తొంభై ఎనిమిది. చెమట తుడుచుకుంటూ, "తక్కువా సార్?" అంది. యాభై రెండు కిలోల పిల్ల. తక్కువ కాదమ్మా అన్నాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మా ముగ్గురికీ తెల్లవారితే అదే పని. ఆ జూలైలో రాష్ట్ర సెలక్షను మా ఊళ్లోనే పెడుతున్నారని తెలిసింది. ప్రొద్దుటూరు పొలిమేర నుంచి జమ్మలమడుగు దావలో ఇరవై కిలోమీటర్లు పోయి, మలుపు తిరిగి, అదే దారిన రావాలి. రెండు నిమిషాలకు ఒకరిని వదులుతారు. ఎవరికి వారు ఒంటరిగా తొక్కాలి. ఇంకొకరి వెనక గాని, వాహనం వెనక గాని నక్కకూడదు. ఎందుకంటే ముందున్నది గాలిని చీలిస్తే వెనకున్నవాడికి సగం కష్టం తప్పుతుంది. గడియారంతోనే పోటీ. ఆడపిల్లల్లో మొదట వచ్చిన ఒక్కరికే జాతీయ పోటీకి చోటు.

ఆ నలభై కిలోమీటర్లకు ఎంత సమయం పడుతుందో ముందే లెక్కగట్టవచ్చని నాకు తెలుసు. పెట్టిన శక్తి మూడు చోట్లకు పోతుంది. కొంత టైర్లు రోడ్డును రాసుకోవడంలో. కొంత ఎత్తు ఎక్కడంలో, అది దిగేటప్పుడు తిరిగి వస్తుంది. మిగిలినదంతా గాలిని నెట్టడంలో. చదునైన రోడ్డు మీద ఐదింట నాలుగు వంతులు గాలికే. ఏ రోడ్డు ముక్క మీద ఈ మూడూ కలిపి ఆమె పెట్టే శక్తికి సమానమవుతాయో, ఆ ముక్క మీద అదే ఆమె వేగం. వేగం తెలిస్తే సమయం తెలిసినట్టే.

జమ్మలమడుగు దావను నేను ఎత్తు కొలిచే పరికరంతో నాలుగుసార్లు తొక్కి, రానూపోనూ కలిపి రెండువందల ముక్కలు చేశాను. ఒక్కో ముక్క రెండువందల మీటర్లు. పోయేటప్పుడు మొత్తం మీద ముప్పై మీటర్లు ఎక్కుతుంది, కంటికి కనపడదు. గాలి ఆమెను ఎంత అడ్డుకుంటుందో కనుక్కోవడానికి గాలి కదలని తెల్లవారుజాముల్లో ఒకే వాట్లతో రానూపోనూ తొక్కించాను. మోచేతులు దగ్గరకు తెచ్చి, ముందుకు చాపి, తల దించి కూర్చుంటే అడ్డు ఆరో వంతు తగ్గింది. భాయ్ ఆమె మోచేతులకు మెత్తలు కుట్టి హ్యాండిల్‌కు బిగించాడు. వీపు నొప్పి అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

లెక్కలు ఆమెకూ చెప్పేవాణ్ణి. ఎక్కేటప్పుడు పది వాట్లు ఎక్కువ, దిగేటప్పుడు పది తక్కువ పెట్టాలని, అట్లయితే అదే అలసటకు కాలం కలిసొస్తుందని చెప్తే ఒక్కసారికే పట్టుకుంది. ఒకరోజు నా కంప్యూటరు మీదికి వంగి అడిగింది.

"ఈ గడిలో ఏంది సార్, అన్ని సున్నాలుండాయి?"

"అది గాలి. వీచే గాలి. పొద్దున్నే ఉండదు కదా, సున్నా వేశా."

"సున్నా గాలి యాడుంటది సార్. గొర్లు గూడా గాలి ఎటుందో చూసుకుని పండుకుంటాయి."

నేను నవ్వాను. పొద్దున పోటీ కదమ్మా, పరవాలేదు అన్నాను.

మూడుసార్లు సరిచూశాం. మూడుసార్లూ తెల్లవారకముందే. నేను ముందే సమయం రాసి భాయ్ జేబులో పెట్టేవాణ్ణి. మొదటిసారి పదకొండు సెకన్లు తేడా. తర్వాత పదిహేను, తర్వాత నాలుగు. నాలుగు సెకన్ల తేడా వచ్చిన రోజు భాయ్ నా చెయ్యి పట్టుకుని, "మీరు జాతకం చెప్తాండారు సార్" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది.

ఆమె తండ్రి లేడని తెలుసు. ఫ్యాక్షన్లో పోయాడని హాస్టలు వార్డెను ఒకసారి చెప్పింది. మా వైపు ఆ మాట చెప్పాక ఇంకేమీ అడగరు. ఎవరు, ఎవరి మనుషులు అని అడిగితే మనమూ ఒక వైపు చేరినట్టే. నేనూ అడగలేదు. తల్లి, నాయనమ్మ, చిన్నాయన ఉన్నారని, గొర్ల మందను చిన్నాయనే చూస్తాడని మాత్రం ఆమె మాటల్లో తెలిసింది. పోటీకి వాళ్లను రమ్మన్నావా అంటే, "మాయమ్మ వస్తా అనింది సార్. చిన్నాయన వద్దన్న్యాడు. ప్రొద్దుటూరంటే వానికి భయం" అంది.

పోటీ రోజు తెల్లవారి ఐదున్నరకు నేను గాలి కొలిచాను. సున్నా. ఊరి చివర ఒక పత్తిమిల్లు గోడ పక్కన షామియానా వేశారు. మొదలూ చివరా అక్కడే. ముందు మగవాళ్లను వదిలారు, తర్వాత ఆరుగురు ఆడపిల్లలు. అందరికంటే చివర ఆమె. ఏడుంబావుకు బయల్దేరింది. సగటున నూట ఎనభై ఐదు వాట్లు పెట్టమన్నాను. ఏ కిలోమీటరుకు ఎంత అన్నది చిన్న చీటీ మీద రాసి హ్యాండిల్‌కు అంటించాను. భాయ్ టైర్లలో గాలి మూడోసారి చూశాడు. ఆమె నా వైపు చూసి తలూపింది. పోయింది.

మలుపు దగ్గర ఉన్న కుర్రాడు ఫోను చేశాడు. ముప్పై నాలుగు నిమిషాల నలభై ఐదు సెకన్లకు తిరిగిందన్నాడు. నా లెక్క ముప్పై నాలుగు యాభై. ఐదు సెకన్లు. నేను షామియానా కింద కుర్చీలో వెనక్కి వాలాను.

ఎనిమిది దాటాక జమ్మలమడుగు వైపు నుంచి హారన్లు వినిపించాయి. ఒక నాయకుడు పార్టీ మారి ఊరేగింపుగా వస్తున్నాడు. రోడ్డుకు అనుమతి తీసుకున్నామని పోటీలవాళ్లు పోలీసులకు చూపించిన కాగితం ఆ కార్లను ఆపలేదు. ఇరవైకి పైగా తెల్ల బండ్లు, ముందూ వెనకా మోటారు సైకిళ్లు, జెండాలు. దుమ్ములో అవి మా ముందు నుంచి ఊళ్లోకి పోయాయి. ఆ దుమ్ము ఇంకా అణగకముందే వస్తున్నారు, వస్తున్నారు అని ఎవరో అరిచారు.

ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఐదో అమ్మాయి అరవై ఆరు నిమిషాల యాభై సెకన్లు. చివరగా ఆమె. తల పైకెత్తలేదు. గీత దాటాక గడియారం చూసిన మనిషి రెండోసారి చూశాడు. అరవై ఐదు నిమిషాల ఇరవై సెకన్లు.

భాయ్ ఏడుస్తున్నాడు. నేను ఆమె సైకిలు పట్టుకుని తెర చూశాను. సగటు నూట ఎనభై నాలుగు వాట్లు. నేను చెప్పినదానికి ఒక వాటు తక్కువ. సమయం మాత్రం మూడు నిమిషాలు ముందు. నా గుండెలో మొదట కలిగింది సంతోషం కాదు. అనుమానం. ఇట్ల రాకూడదే అనుకున్నాను.

అరగంటలో ఫిర్యాదు వచ్చింది. ఐదో అమ్మాయి కోచ్ ఇచ్చాడు. పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక ఊరి దగ్గర పోటీలవాళ్లు నిలబెట్టిన మనిషి, కార్ల మధ్యలో ఆ పాపను చూశానన్నాడు. ఎంతసేపు అంటే, దుమ్ములో కనపడలేదు సార్, మధ్యలో ఉండింది అన్నాడు. పోటీల పెద్దాయన, ఇంకో ఇద్దరు బల్ల దగ్గర కూర్చున్నారు. పెద్దాయన మంచివాడు. ఆమెను పిలిచి అడిగాడు.

"కార్ల వెనకాల పట్టుకుని వచ్చినావామ్మా?"

"లేదు సార్."

"మరి అక్కడ కార్లు వచ్చినప్పుడు ఏం చేసినావు?"

ఆమె ఒకసారి రోడ్డు వైపు చూసింది. ఊరేగింపు వెంట వచ్చినవాళ్లలో నలుగురైదుగురు టీ బండి దగ్గర నిలబడి ఇటే చూస్తున్నారు. ఆమె తల దించుకుంది.

"నా దావన నేను వచ్చినా సార్."

అప్పుడు పెద్దాయన జేబులోంచి నా కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"మీరే రాసిచ్చినారు సార్. అరవై ఎనిమిది ఇరవై. లెక్క తప్పదని మీరే అన్నారు. ఇప్పుడు చెప్పండి, ఆ పిల్ల తన బలంతో మూడు నిమిషాలు ముందు రాగలదా?"

నేను చెప్పగలిగిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఆ యంత్రంలో ప్రతి సెకనూ దాచి ఉంటుంది, నా కంప్యూటరు ఇంట్లో ఉంది, గంట టైమివ్వండి అనవచ్చు. నా లెక్కలో గాలికి సున్నా వేశాను, గాలి ఉంటే మారుతుంది అనవచ్చు. పత్తిమిల్లు గోడ చాటున కూర్చుని నాకు గాలి తెలియలేదు గాని, నాలుగడుగులు బయటికి వేసి ఉంటే తెలిసేది. ఇవేవీ నాకు ఆ నిమిషంలో తట్టలేదని చెప్తే అబద్ధం. గాలి సంగతి ఒక మెరుపులా మెరిసి పోయింది. కాని అందరూ నా వైపు చూస్తున్నారు. లెక్క నాది. మూడుసార్లు నిలబడిన లెక్క.

"ఈ వాట్లతో అయితే రాలేదు" అన్నాను.

పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె పేరు కొట్టేశారు. ఏడాదిపాటు పోటీల్లో పాల్గొనకూడదన్నారు. ఐదో అమ్మాయిని ఎంపిక చేశారు.

ఆమె ఏడవలేదు. చీటీని హ్యాండిల్ మీంచి ఊడబెరికి నాకిచ్చింది. షాపు దాకా ముగ్గురం నడిచే పోయాం. షట్టరు సగం దించి భాయ్ నీళ్లు ఇచ్చాడు. అప్పుడు నోరు విప్పింది.

"వాళ్ల బండ్ల ఎనక నేను పోతానా సార్?"

"పోయావని నేననలేదమ్మా. లెక్క…"

"మా నాయన్ను చంపించినోని బండ్లు సార్ అవి. వాని నీడలో నేను తొక్కుతానా?"

భాయ్ నా మొహంలోకి చూశాడు. అతనికి ఆ సంగతి ముందే తెలుసు. బల్ల దగ్గర ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. భాయే చెప్పాడు.

"ఆడ వాని మనుషులు నిలబడి ఉండిరి గదా సార్. చెప్పి ఊరికి యాడ పోతది?"

ఆ సాయంత్రమే ఇంటికి పోయి ఆ యంత్రంలోని లెక్క చూడాల్సింది. చూడలేదు. దాన్ని కంప్యూటరుకు తగిలించాను, ఫైలు దిగింది, తెరవలేదు. ఆమె చెప్పింది నిజమైతే నేను చేసింది ఏమిటి? అబద్ధమైతే ఎనిమిది నెలలు నేను చూసిన ఆ పిల్ల ఎవరు? ఈ రెంటిలో ఏదీ తెలుసుకునే ధైర్యం లేక, పరీక్ష పేపర్లున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. అట్ల ఆరు నెలలు గడిచిపోయాయి.

ఆమె వారానికే హాస్టలు ఖాళీ చేసింది. సైకిలు భాయ్ షాపు ముందు పెట్టి బస్సెక్కిందట. ఆమె ఊళ్లో ఏం జరిగిందో నాకు భాయ్ చెప్పాడు. పోటీలో పేరు కొట్టేసిన సంగతి ఆమె కంటే ముందే ఊరు చేరింది. ఊరికి వాట్లూ గాలీ అక్కర్లేదు. ఫలానావాని బండ్ల చాటున పోయి గెలిచింది, పెద్దమనుషులే తేల్చినారు అన్నది చాలు. తండ్రిని చంపిన చేతుల కింద కూతురు చేరిందన్నారు. ఆ పార్టీలోకి ఈ ఇల్లూ పోతోందని కొందరు పుకారు లేపారు. నాయనమ్మ మనవరాలితో మాటలు మానేసింది. చిన్నాయన ఇంక ఊరు దాటితే కాళ్లు ఇరగ్గొడతా అన్నాడట. ఇదంతా చెప్పి భాయ్, "నేను చదువుకోలే సార్. కానీ ఆ పాప అబద్ధమాడదని నాకు ఎరికే" అన్నాడు. ఆ తర్వాత నేను షాపుకు పోతే టైర్లలో గాలి పట్టేవాడు గాని కూర్చోమనేవాడు కాదు.

సంక్రాంతి ముందు కాలేజీ సెలవుల్లో, ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ఫైలు తెరిచాను.

పోయేటప్పుడు ఇరవై కిలోమీటర్లూ నా లెక్కా ఆమె వేగమూ ఒకదాని మీద ఒకటి అంటించినట్టు ఉన్నాయి. మలుపు తర్వాత నెమ్మదిగా విడిపోయాయి. అవే వాట్లకు మొదట గంటకు ఒక కిలోమీటరు ఎక్కువ, తర్వాత మూడు, నాలుగు, చివరికొచ్చేసరికి ఆరు. బండ్ల వెనక నక్కితే ఇట్ల రాదు. వాహనం వెనక చేరినప్పుడు వేగం ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచి, అది దాటిపోగానే మళ్లీ కూలుతుంది. ఇక్కడ ఏ శిఖరమూ లేదు. పొద్దెక్కేకొద్దీ పెరిగిన పడమటి గాలి అది. జూలైలో మా వైపు రోజూ వచ్చేదే. తెల్లవారి నేల చల్లగా ఉన్నంతసేపు కదలదు, ఎండ సోకి నేల కాగాక లేస్తుంది. ఆమె తిరుగుదారి తూర్పు ముఖంగా. సగటున గంటకు ఆరు కిలోమీటర్ల గాలి వీపును నెడితే ఎంత కలిసొస్తుందో లెక్కవేశాను. మూడు నిమిషాల పైచిలుకు. ఆమెకు కలిసొచ్చింది మూడే కదా, ఆ పైచిలుకు ఎక్కడ పోయిందా అని వెతికితే ఇంకొకటి దొరికింది.

చివరకు పన్నెండు కిలోమీటర్లుందనగా, ఆ మనిషి కార్ల మధ్య చూశానన్న చోట, వాట్లు సున్నా. ఇరవై నాలుగు సెకన్లపాటు సున్నా. పెడలు తిరగలేదు. వేగం ముప్పై తొమ్మిది నుంచి జారి జారి పదకొండుకు వచ్చింది. ఆమె తొక్కడం ఆపేసి, రోడ్డు దిగి, మట్టి అంచు మీదికి పోయి, వాళ్లను దాటిపోనిచ్చింది. ఆ తర్వాత మళ్లీ రోడ్డెక్కి, పోయిన వేగం కూడదీసుకోవడానికి ఒక నిమిషంపాటు రెండువందల ముప్పై వాట్లు తొక్కి, మళ్లీ చీటీలో నేను రాసిన అంకెకు తెచ్చుకుంది. ఆ పక్కకు తప్పుకోవడంలో దాదాపు అర నిమిషం పోగొట్టుకుంది. సగటులో తగ్గిన ఆ ఒక్క వాటూ అదే.

ఇంకా చూడవలసినవి ఉన్నాయి. మిగతా ఐదుగురు అమ్మాయిలు ఆ రోజు తమ తమ పాత సమయాల కంటే రెండు మూడు నిమిషాలు ముందే వచ్చారు. ఫలితాల పట్టికలో ఆ సంగతి అందరి కళ్లముందూ ఉంది. పొద్దున్నే పోయిన మగవాళ్లకు అంత రాలేదు. ఆ బల్ల దగ్గర ఎవరమూ చూడలేదు. నేనైనా చూడలేదు.

అసోసియేషనుకు ఆరు పేజీల ఉత్తరం రాశాను. గ్రాఫులు పెట్టాను. నా జోస్యం తప్పు, ఆమె సమయం ఒప్పు అని మొదటి వాక్యంలోనే రాశాను. పెద్దాయన ఫోను చేశాడు. గొంతు బాధగానే ఉంది. "ముందే ఎందుకు చూడలేదు సార్? జాతీయ పోటీ అయిపోయింది కదా. నిషేధం ఎత్తేయిస్తాను, అంతకంటే నా చేతిలో ఏముంది" అన్నాడు. ఎత్తేయించాడు కూడా. అప్పటికి నిషేధంలో ఐదు నెలలే మిగిలి ఉంది.

ఉత్తరం నకలు తీసుకుని నేను బస్సెక్కాను. ఆమె పులివెందుల దగ్గర ఒక అరటికాయల షెడ్డులో పని చేస్తోందని భాయ్ చెప్పాడు. చిన్నాయన కోపం తగ్గాక పంపాడట. రేకుల షెడ్డు. తోటలనుంచి వచ్చిన గెలలను హస్తాలుగా కోసి, తొట్టెల్లో కడిగి, పెట్టెల్లో సర్దుతున్నారు. నన్ను చూసి లేచి వచ్చింది. చేతులకు అరటి జిగురు, నల్లగా. బక్కచిక్కింది.

"బాగుండారా సార్? షుగరు ఎట్లుంది?"

నేను చెప్పాలని దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. కాగితాలు తీసి గ్రాఫు చూపించాను. ఇదిగో ఇక్కడ సున్నా, నువ్వు పక్కకు దిగావు, ఇదిగో గాలి, ఇక్కణ్ణించి పెరిగింది, నీ తప్పేం లేదమ్మా, నాదే తప్పు అన్నాను. చేతులు తడిగా ఉన్నాయని ఆమె కాగితం పట్టుకోలేదు. నేను పట్టుకుంటే వంగి చూసింది. గీతను చూడ్డం నేనే నేర్పాను కాబట్టి నేను చూపించకముందే ఆ చోటికి కళ్లు పోయాయి.

"ఈడ కంపలోకి పోయిన్యా సార్. ముల్లు దిగుతాదేమో, ట్యూబు పోతాదేమోనని భయపడినా."

"నాకు చెప్పి ఉంటే…"

"మీరు నన్ను అడగలే సార్."

కోపంగా అనలేదు. జరిగింది చెప్పినట్టు అంది. నేను తల దించుకున్నాను. ఆమే మళ్లీ మాట్లాడింది.

"ఆపొద్దు మలుపు తిరిగినాక వీపుకు గాలి తగిలింది సార్. ఈ పొద్దు సార్ లెక్క తప్పుతాది, సార్ శానా సంతోషపడతాడు అనుకుంటా తొక్కినా."

నిషేధం తీసేశారు, సైకిలు భాయ్ అట్లే ఉంచాడు, వచ్చే ఏడాది మళ్లీ… అని మొదలుపెట్టాను. ఆమె నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. ఈ కాగితం మా నాయనమ్మకు చదివి చెప్తారా? ఆమెకు చెప్తే చాలు."

చెప్తాను, ఇప్పుడే పోదాం పద అన్నాను. ఆమె రెండడుగులు వేసి ఆగింది.

"మర్సిపోయి అడిగినా సార్. మీకు తెల్దు గదా. ఆమె పోయింది. కార్తీకంలో."

షెడ్డులోంచి ఎవరో ఆమెను పిలిచారు. వస్తాండా అని బదులిచ్చి, భోంచేసి పోండి సార్, బస్టాండులో మంచి హోటలుంది అని చెప్పి లోపలికి పోయింది. నేను ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఆమె తల్లిని వెతుక్కుంటూ సింహాద్రిపురం బస్సెక్కాను. ఆ తల్లి గొర్లమంద దగ్గరుంది. గట్టు మీద కూర్చుని ఆరు పేజీలూ మామూలు తెలుగులో చెప్పాను. ఆమె మొత్తం విని, "నా బిడ్డ పక్కకు దిగిందంటారు" అంది. అవునమ్మా అన్నాను. "అది నాకు ముందే తెలుసు సార్" అని కొంగుతో మొహం కప్పుకుంది.